పిల్లులలో నొప్పిని ముఖ కవళికల ద్వారా అంచనా వేయుట – సురక్షితమైన నొప్పి నివారణ మందుల ఎంపిక

అనంతపురం పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఖరీఫ్‌లో పండిన వేరుశనగను, ఈ ప్రాంత రైతులు బుడ్డలని పిలిచే పంటను, ధర వచ్చేవరకు లేదా మరుసటి ఏటి విత్తనం కోసం మిద్దె ఇళ్ళలోనే బస్తాలలో నిల్వ చేయడం ఆనవాయితీ. బస్తాలను కొరికే ఎలుకల నుండి కాయలను కాపాడటానికి చాలా కుటుంబాలు పిల్లులను పెంచుతాయి. ఆవుకో మేకకో జబ్బు చేస్తే పశువైద్యుని వద్దకు వెళ్ళే రైతు కుటుంబం, పిల్లికి దెబ్బ తగిలినప్పుడు తరచుగా ఇంట్లోని మాత్రతోనే సరిపెడుతుంది. జ్వరానికి మనుషులు వాడే పారాసిటమాల్ మాత్రలో పావు ముక్కను పెరుగన్నంలో కలిపి పెట్టడం కూడా ఇందులో భాగమే. నొప్పి తగ్గాలనే సదుద్దేశంతో ఇచ్చిన ఆ ముక్క పిల్లిని చంపగలదు.

పిల్లి నొప్పి విషయంలో రెండు ప్రశ్నలకు విడివిడిగా సమాధానం వెదకాలి. నొప్పి ఉన్నదా, ఉంటే మందు అవసరమైనంత ఉన్నదా అనేది మొదటిది. దీనికి పిల్లి ముఖమూ ప్రవర్తనా సమాధానం చెబుతాయి. ఏ మందు ఇవ్వాలి అనేది రెండవది. దీనికి పిల్లి కాలేయ స్వభావమూ, ఆ సమయంలో దాని శరీరంలో ఉన్న నీటి శాతమూ సమాధానం చెబుతాయి. నొప్పి ఎంత ఎక్కువగా ఉన్నా, నీరు తగ్గిన పిల్లికి ఇవ్వకూడని మందులు ఉన్నాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఈ ప్రాంతంలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది.

ముఖ కవళికల మాపకం

పిల్లి స్వతహాగా ఒంటరిగా వేటాడే జంతువు, తనకంటె పెద్ద జంతువులకు ఆహారమయ్యే జంతువు కూడా. అందువలన గాయపడినప్పుడు కుక్కవలె కుంటుతూ, మూలుగుతూ యజమాని వద్దకు రాదు. గాదె వెనుకనో, మంచం క్రిందనో నక్కి కదలకుండా ఉంటుంది. చాలామంది దీనిని విశ్రాంతిగా భావిస్తారు. నొప్పితో ఉన్న పిల్లి గుర్రుగుర్రుమనడం కూడా ఉన్నది కాబట్టి ఆ శబ్దాన్ని బట్టి సుఖంగా ఉన్నదని నిర్ణయించరాదు.

ఈ ఇబ్బందిని అధిగమించడానికి కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి ముఖ కవళికల ఆధారంగా ఒక నొప్పి మాపకాన్ని రూపొందించి 2019లో ప్రచురించారు. ఇందులో చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల అనే అయిదు అంశాలను పరిశీలించి, ఒక్కొక్కదానికి 0, 1 లేదా 2 మార్కులు వేస్తారు. మొత్తం 10 మార్కులు. నొప్పి లక్షణం లేకపోతే 0, కొద్దిగా ఉంటే లేదా నిర్ధారణగా చెప్పలేకపోతే 1, స్పష్టంగా ఉంటే 2 వేయాలి.

నొప్పి లేని పిల్లి చెవులు నిటారుగా ముందువైపు తిరిగి ఉంటాయి. నొప్పి మొదలైనప్పుడు రెండు చెవుల మధ్య దూరం కొద్దిగా పెరుగుతుంది. నొప్పి తీవ్రమైతే చెవులు చదునుగా వాలి బయటివైపు తిరుగుతాయి. కళ్ళు మామూలుగా బాగా తెరచుకొని ఉంటాయి. నొప్పితో రెప్పలు సగం వాలి, తీవ్రమైనప్పుడు కళ్ళు చికిలించినట్లు సన్నగా అవుతాయి. మూతి మామూలు స్థితిలో గుండ్రంగా వదులుగా ఉంటుంది. నొప్పితో కండరాలు బిగుసుకొని కోలగా మారుతుంది. మీసాలు వదులుగా క్రిందికి వంగి ఉండడం సహజం. నొప్పితో అవి నిటారై ముందుకు వస్తాయి. చివరిగా తల. కూర్చున్న పిల్లి తల భుజాల కంటె ఎత్తులో ఉండాలి. భుజాలతో సమానంగా ఉంటే 1, అంతకంటె క్రిందికి దిగినా, గడ్డం ఛాతీవైపు వంగినా 2 వేయాలి.

మొత్తం 4 లేదా అంతకంటె ఎక్కువ వస్తే నొప్పి నివారణ మందు అవసరమని భావించాలి. ఏదైనా ఒక అంశం కనిపించకపోతే, ఉదాహరణకు పిల్లి గోడవైపు తిరిగి ఉండి మీసాలు కనబడకపోతే, ఆ అంశాన్ని వదిలివేయాలి. అప్పుడు వచ్చిన మార్కులను సాధ్యమైన గరిష్ఠ మార్కులతో భాగించాలి. నాలుగు అంశాలే కనిపించి 8కి 4 వచ్చినట్లయితే నిష్పత్తి 0.5. ఇది 0.39కి మించి ఉంటే చికిత్స అవసరం. కనబడని అంశానికి 0 వేస్తే నొప్పిని తక్కువగా అంచనా వేసినట్లవుతుంది.

పరిశీలనలో జరిగే పొరపాట్లు

పిల్లిని ఎత్తుకొని, పట్టుకొని మార్కులు వేయకూడదు. కొంత దూరం నుండి, దానిని కదిలించకుండా సుమారు అర నిమిషం పాటు చూసి నిర్ణయించాలి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్ళు నాకుకొంటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు ముఖ కవళికలు సహజంగానే మారతాయి కాబట్టి ఆ సమయాలలో మార్కులు వేయరాదు. మండుటెండలో నీడన పడుకొని కునుకు తీస్తున్న పిల్లికి రెప్పలు సగం మూసి, తల వాలి ఉంటాయి. అది మెలకువలోకి వచ్చే వరకు ఆగి చూడాలి. మత్తుమందు ప్రభావంలో ఉన్న పిల్లి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

అన్నింటికంటె తరచుగా జరిగే పొరపాటు భయాన్ని నొప్పిగా పొరబడటం. క్రొత్త చోటుకు తెచ్చిన పిల్లి, కుక్కల అరుపులు విన్న పిల్లి కూడా చెవులు వాల్చి ముడుచుకొని కూర్చుంటుంది. భయపడిన పిల్లికి సాధారణంగా కళ్ళు పెద్దవిగా, కనుపాపలు విప్పారి ఉంటాయి. నొప్పితో ఉన్న పిల్లి కళ్ళు చికిలిస్తుంది. సందేహం కలిగినప్పుడు బుట్టపై గుడ్డ కప్పి, నిశ్శబ్దంగా ఉన్న చోట కొంతసేపు ఉంచి మళ్ళీ మార్కులు వేయాలి. భయం వలన వచ్చిన మార్కులు తగ్గుతాయి. నొప్పి వలన వచ్చినవి నిలిచి ఉంటాయి.

ప్రవర్తనను కూడా జోడించాలి

ముఖం చూసిన తరువాత ప్రవర్తనను పరిశీలించాలి. వీపు గూనిగా వంచి, నాలుగు కాళ్ళు క్రిందకు ముడిచి బిగుసుకొని కూర్చోవడం, తరచుగా ఒకే చోటును నాకడం, ప్రేమగా నిమిరితే తప్పించుకోవడం, మేత ముట్టకపోవడం ముఖ్యమైన సూచనలు. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన పిల్లి నొప్పి మాపకం ఇటువంటి ప్రవర్తనను, చెవులు మూతి తీరును, గాయం చుట్టూ మెల్లగా నొక్కినప్పుడు వచ్చే ప్రతిస్పందనను కలిపి 20 మార్కులకు లెక్కిస్తుంది. అందులో 5 లేదా అంతకంటె ఎక్కువ వస్తే చికిత్స అవసరం. గాయాన్ని తాకే పరీక్షను ఎప్పుడూ చివర చేయాలి. ముందుగా తాకితే ఆ తరువాత చూసే ముఖ కవళికలు నమ్మదగినవి కావు.

ముఖ కవళికల మాపకం గాయాలు, శస్త్రచికిత్సలు, నోటి వ్యాధుల వంటి వాటి వలన కలిగే తక్షణ నొప్పికి ఉద్దేశించినది. ముసలి పిల్లులలో కీళ్ళ అరుగుదల వలన నెలల తరబడి ఉండే నొప్పిని ముఖం చూసి పట్టుకోవడం కష్టం. అటువంటి పిల్లి ముఖంలో మార్పు లేకపోవచ్చు గాని, ఒకప్పుడు ఒక్క దూకులో ఎక్కిన బస్తాల వరుసను రెండు దఫాలుగా ఎక్కుతుంది. వీపును నాకుకొనలేక వెంట్రుకలు చిక్కులు పడతాయి. గోళ్ళు పెరిగిపోతాయి. ఎలుకలను పట్టడం మానివేసిన పిల్లిని సోమరిదని అనుకొనే ముందు దాని కీళ్ళను పరీక్ష చేయించడం అవసరం.

పారాసిటమాల్ పిల్లికి ఎందుకు విషం

మనిషి కాలేయం పారాసిటమాల్‌ను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి హానిలేని పదార్థంగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఈ పనిచేసే ఎంజైమును తయారుచేసే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదు. మందును వదిలించుకొనే రెండవ మార్గమైన సల్ఫేటు మార్గం త్వరగా నిండిపోతుంది. మిగిలిన మందు ఆక్సీకరణ చెంది విషపదార్థంగా మారుతుంది. దానిని అడ్డుకొనే గ్లూటాథయోన్ నిల్వలు తరిగిపోయిన తరువాత ఆ విషం రక్తకణాలపై దాడి చేస్తుంది. పిల్లి హీమోగ్లోబిన్ ఇటువంటి దాడికి ఇతర జంతువుల హీమోగ్లోబిన్ కంటె సులువుగా లోనవుతుంది. అది మెట్‌హీమోగ్లోబిన్‌గా మారి ప్రాణవాయువును మోయలేకపోతుంది. కాబట్టి ఊపిరి ఆడుతున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు.

కిలో శరీర బరువుకు 10 మిల్లీగ్రాముల మోతాదులో కూడా పిల్లులలో విషలక్షణాలు నమోదైనాయి. మూడు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క, అనగా 125 మిల్లీగ్రాములు ఇస్తే, అది కిలోకు సుమారు 42 మిల్లీగ్రాములు. పైన చెప్పిన మోతాదుకు ఇది నాలుగు రెట్లు. పిల్లికి సురక్షితమైన పారాసిటమాల్ మోతాదు అంటూ ఏదీ లేదు. ముక్కను ఇంకా చిన్నదిగా చేయడం దీనికి పరిష్కారం కాదు.

పశువుల మందులలో మరొక ప్రమాదం దాగి ఉన్నది. ఆవులు, గేదెల జ్వరానికి వాడే కొన్ని ఇంజెక్షన్లలో, పెద్ద మాత్రలలో మెలోక్సికామ్‌తో పాటు పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది. సీసాపై పెద్ద అక్షరాలతో ఉన్న పేరును చూసి మెలోక్సికామ్ మాత్రమే అనుకొని పిల్లికి ఇచ్చే అవకాశం ఉన్నది. అందువలన పేరును కాక, చిన్న అక్షరాలతో ముద్రించిన మిశ్రమ వివరాలను చదవాలి. అందులో పారాసిటమాల్ ఉంటే ఆ సీసా పిల్లికి పనికిరాదు.

నీరు తగ్గిన పిల్లి – మూత్రపిండాల ప్రమాదం

మెలోక్సికామ్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి వాపు నివారణ మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకొని నొప్పిని తగ్గిస్తాయి. ఈ ప్రోస్టాగ్లాండిన్లు వాపును కలిగించడమే కాక, శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణను నిలబెట్టే పనిని కూడా చేస్తాయి. నీరు తగినంత ఉన్న పిల్లికి ఈ రక్షణ అంతగా అవసరం లేదు. నీరు తగ్గిన పిల్లికి మాత్రం మూత్రపిండాలు దీనిపైనే ఆధారపడి ఉంటాయి. ఆ సమయంలో ఈ మందు ఇస్తే రక్తప్రసరణ పడిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. అందువలన పిల్లి తక్కువ నీటితో, చిక్కని మూత్రంతో గడపగలదు. కాని ఈ శక్తి వలనే నీటి కొరత ఆలస్యంగా బయటపడుతుంది. దెబ్బ తగిలి ఒకటి రెండు రోజులు తినక, త్రాగక మూలన నక్కిన పిల్లి వేసవిలో చికిత్సకు వచ్చేసరికి దాదాపు ఎప్పుడూ నీరు తగ్గే ఉంటుందని భావించి పరీక్షించడం మంచిది. మెడపై చర్మాన్ని పైకి లాగి వదిలినప్పుడు వెంటనే యథాస్థితికి రాకపోవడం, చిగుళ్ళు తడి ఆరి వేలికి జిగటగా తగలడం, కళ్ళు లోపలికి పోవడం దీనికి గుర్తులు.

మందుల ఎంపికలో ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటి మనుషుల మాత్రలను పూర్తిగా ప్రక్కన పెట్టాలి. రాబందుల మరణాల కారణంగా డైక్లోఫెనాక్‌ను 2006లోను, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లోను పశువైద్య వినియోగం నుండి దేశంలో నిషేధించిన సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. పిల్లులకు వాడదగిన వాపు నివారణ మందులలో మెలోక్సికామ్, రోబెనాకాక్సిబ్ ముఖ్యమైనవి. వీటిని తక్కువ మోతాదులో, రోజుకు ఒక్కసారి, నీరు సరిచేసిన తరువాతే వాడాలి. నీరు తగ్గిన పిల్లికి తక్షణ ఉపశమనం కోసం మూత్రపిండాలకు హాని చేయని బుప్రినార్ఫిన్ మంచి ఎంపిక. ఇది చట్టపరమైన నియంత్రణలో ఉన్న మందు కాబట్టి పశువైద్యుని చేతుల మీదుగానే వాడాలి.

ఒక ఉదాహరణ

వేసవిలో మిద్దె పైనుండి దూకుతూ ముళ్ళ కంచెకు తగిలి తొడ చీరుకుపోయిన మూడు కిలోల పిల్లిని ఉదాహరణగా తీసుకొనవచ్చు. గాయమైన మరుసటి రోజు దానిని ఆసుపత్రికి తెచ్చారనుకొందాం. బుట్టలో నిశ్శబ్దంగా ఉంచి చూసినప్పుడు చెవులు కొద్దిగా ఎడమైనాయి (1), కళ్ళు చికిలించి ఉన్నాయి (2), మూతి కొద్దిగా బిగుసుకొన్నది (1), మీసాలు నిటారుగా ఉన్నాయి (1), తల భుజాలతో సమానంగా ఉన్నది (1). మొత్తం 6. మందు అవసరమని తేలింది.

చర్మం నెమ్మదిగా యథాస్థితికి వస్తున్నది, చిగుళ్ళు జిగటగా ఉన్నాయి. నీటి లోటును శరీర బరువులో 7 శాతంగా అంచనా వేస్తే, మూడు కిలోలకు అది 210 మిల్లీలీటర్లు. ఈ లోటును రింగర్ లాక్టేట్ వంటి సెలైన్‌తో క్రమంగా పూడ్చాలి. అంతవరకు నొప్పిని భరించమని పిల్లిని వదిలివేయనవసరం లేదు. బుప్రినార్ఫిన్ కిలోకు 0.02 మిల్లీగ్రాముల చొప్పున 0.06 మిల్లీగ్రాములు అవసరమవుతుంది. మిల్లీలీటరుకు 0.3 మిల్లీగ్రాములు ఉండే ఆంప్యూల్ నుండి ఇది 0.2 మిల్లీలీటర్లు. సుమారు ఒక గంట తరువాత మళ్ళీ మార్కులు వేయాలి. మార్కులు 4 కంటె తగ్గితే మందు పనిచేసినట్లు. తగ్గకపోతే మోతాదు చాలలేదని, లేదా విరిగిన ఎముక వంటి కారణం ఇంకా కనిపెట్టలేదని అర్థం.

మరుసటి రోజు పిల్లి నీరు త్రాగి, మూత్రం పోసి, చిగుళ్ళు తడిగా ఉంటే, అప్పుడు మెలోక్సికామ్ గురించి ఆలోచించవచ్చు. మొదటి రోజు మోతాదు కిలోకు 0.1 మిల్లీగ్రాము, అనగా 0.3 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండే పశువుల ఇంజెక్షన్ నుండి ఇది 0.06 మిల్లీలీటర్లు మాత్రమే. ఇంత చిన్న పరిమాణాన్ని అయిదు మిల్లీలీటర్ల సిరంజిలో కొలవడం అసాధ్యం. 0.01 గీతలున్న ఒక మిల్లీలీటరు సిరంజి తప్పనిసరి. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగి 0.6 మిల్లీలీటర్లు వెళ్ళితే మోతాదు పది రెట్లవుతుంది. మనుషులు వాడే 7.5 మిల్లీగ్రాముల మెలోక్సికామ్ మాత్ర ఒక్కటి ఈ పిల్లికి అవసరమైన దానికి 25 రెట్లు. తరువాతి రోజులలో మోతాదును సగానికి, కిలోకు 0.05 మిల్లీగ్రాములకు తగ్గించాలి. ఇంత తక్కువ మోతాదుకు ఇంజెక్షన్ కంటె నోటి ద్రావణం సౌకర్యం. మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉండే ద్రావణమైతే 0.1 మిల్లీలీటరు సరిపోతుంది. మేత తిన్న తరువాత ఇవ్వాలి. పిల్లి తినడం మానినా, వాంతి చేసినా, నల్లని పేడ వేసినా మందును ఆపివేయాలి. పశువులకు అలవాటుగా ఇచ్చే డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లను దీనితో కలిపి ఇస్తే కడుపులో పుండ్లు, రక్తస్రావం కలుగుతాయి కాబట్టి రెండింటినీ కలపరాదు.

పొరపాటున మాత్ర వేసినప్పుడు

పారాసిటమాల్ ఇచ్చిన కొన్ని గంటలలోనే చిగుళ్ళు గులాబీ రంగును కోల్పోయి గోధుమ లేదా నీలం రంగుకు మారతాయి. శ్వాస వేగమవుతుంది, చొంగ కారుతుంది, ముఖము, పాదాలు వాస్తాయి. తీసిన రక్తం కాఫీపొడి రంగులో ఉంటుంది. ఈ గుర్తులు కనబడే వరకు వేచి ఉండక, మాత్ర వేసినట్లు తెలిసిన క్షణమే బయలుదేరాలి. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించే పద్ధతి నీరు తగ్గిన పిల్లికి మరింత హాని చేస్తుంది.

దీనికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. ఇది మనుషుల ఆసుపత్రులలోను, మందుల దుకాణాలలోను లభించే మందే కాబట్టి పశువైద్యుడు దానిని వెంటనే తెప్పించవచ్చు. మొదట కిలోకు 140 మిల్లీగ్రాములు, తరువాత ఆరు గంటలకొకసారి 70 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. మూడు కిలోల పిల్లికి మొదటి మోతాదు 420 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండే ఇంజెక్షన్ నుండి ఇది 2.1 మిల్లీలీటర్లు. దీనిని 5 శాతం ద్రావణంగా పలుచన చేసి నెమ్మదిగా సిరలోకి ఎక్కించాలి. విరుగుడు ఎంత త్వరగా అందితే అంత ఎక్కువగా పనిచేస్తుంది. పిల్లిని పట్టుకొని నలిపితే ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది కాబట్టి గుడ్డ కప్పిన బుట్టలోనే తీసుకొని వెళ్ళాలి.

వైద్యునికి చెప్పవలసిన విషయాలు నాలుగు: వేసిన మాత్ర పేరు, బలం, ఎంత భాగం, ఏ సమయంలో. మాత్రల అట్టను వెంట తీసుకొనిపోవడం అన్నింటికంటె సులువైన పద్ధతి. పిల్లి బరువు తెలియకపోతే, దానిని బస్తా సంచిలో ఉంచి కాయలు తూచే కాటాపై తూచి, తరువాత ఖాళీ సంచి బరువును తీసివేస్తే సరిపోతుంది. మోతాదు లెక్కకు గాని, నీటి లోటు లెక్కకు గాని మొదట కావలసినది ఆ బరువే.